ఆర్డర్లు పెరుగుతున్న ఇంటి బేకర్: ఇంకో రెండు గంటలు కష్టపడాలా, మనిషిని పెట్టుకోవాలా?

మల్కాజ్‌గిరిలో మా ఇంటి వంటగదిలోనే నేను కేకులు చేసి అమ్ముతాను. మొదట్లో వారానికి నాలుగైదు ఆర్డర్లు వచ్చేవి. అవి పెరిగి పెరిగి 14కి చేరాయి. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఒకరిద్దరికి "ఈసారి కుదరదండీ" అని చెప్పాల్సి వచ్చేది. చెప్పలేక ఒప్పుకున్న వారాల్లో రాత్రి ఒంటిగంట దాకా పని చేసేదాన్ని.

ఒక కార్తీక మాసంలో అలాంటి రాత్రే ఫ్రిజ్‌లో క్లింగ్ ఫిల్మ్ చుట్టి పక్కపక్కన పెట్టిన రెండు స్పాంజ్‌లలో తప్పుది తీశాను. ఎగ్‌లెస్ అడిగిన ఇంటికి గుడ్లు వేసిన కేకు వెళ్లింది. మర్నాడు పొద్దున ఎగ్‌లెస్ స్పాంజ్ ఫ్రిజ్‌లోనే కనిపించేసరికి గుండె జారిపోయింది. అదృష్టం కొద్దీ వాళ్లు ఇంకా కోయలేదు. డబ్బు వెనక్కిచ్చి, మధ్యాహ్నానికి వేరే కేకు చేసి పంపాను. కానీ ఆ ఇంట్లో సోమవారం ఉపవాసం ఉన్న పెద్దావిడ దాన్ని తిని ఉంటే నేను చేయగలిగేది ఏమీ లేదు.

ఆ రోజే సహాయానికి మనిషిని పెట్టుకోవాలనుకున్నాను. అయితే వెంటనే పెట్టుకోలేదు, అది మంచిదే అయింది. ముందు చూసుకోవాల్సినవి మూడు నాలుగు ఉన్నాయి. అవి చూసుకోకుండా మనిషిని పెట్టుకుంటే జీతం పోతుంది, పని మాత్రం తగ్గదు.

మొదటి అడుగు: రెండు వారాలు నిమిషాలు రాయండి

వంటగదిలో ఒక నోట్‌బుక్ వేలాడదీయండి. పని మొదలుపెట్టినప్పుడు టైమ్, ఆపినప్పుడు టైమ్ రాయండి. అంచనాగా రాయొద్దు. కేకు చేయడానికి రెండు గంటలు పడుతుందని అందరం అనుకుంటాం. గిన్నెలు తోమిన టైమూ వాట్సాప్‌లో "అక్కా, ఈ డిజైన్ వస్తుందా" అన్న ప్రశ్నలకి జవాబులిచ్చిన టైమూ మన లెక్కలోకి రావు.

ఒక కిలో కేకుకి సగటున నాకు తేలిన లెక్క ఇది:

- మెసేజ్‌లు, డిజైన్ మాటలు: 40 నిమిషాలు
- సరుకులు తేవడం, తూచిపెట్టడం: 15
- టిన్నులకు పేపర్ వేయడం, పిండి కలపడం: 25
- ఓవెన్ దగ్గర చేతి పని: 10
- లేయర్లు కోయడం, ఫిల్లింగ్, క్రమ్ కోట్: 35
- చివరి ఫినిషింగ్, పేరు రాయడం: 45
- ప్యాకింగ్, డెలివరీ అబ్బాయికి ఇవ్వడం: 15
- గిన్నెలు, గట్టు, నేల శుభ్రం: 30

మొత్తం 215 నిమిషాలు. 14 కేకులకి వారానికి 50 గంటల పైమాటే. ఇల్లు, పిల్లలు, వంట దీనికి అదనం. ఒకేసారి మూడు కేకుల పిండి కలిపితే కొంత టైమ్ కలిసొస్తుంది కాబట్టి వారం వారం ఈ లెక్క కాస్త మారుతుంది. సగటు తెలిస్తే చాలు.

రెండో అడుగు: పని ఎక్కడ ఆగుతోందో చూడండి

ఆర్డర్లు కాదనడానికి కారణం అన్నిసార్లూ చేతులు చాలకపోవడం కాదు. ఓవెన్ చాలకపోవచ్చు. ఫ్రిజ్ చాలకపోవచ్చు. ఆ రెంటిలో ఏది అడ్డమైనా, పక్కన ఇంకో మనిషి నిలబడితే చూస్తూ ఉండడం తప్ప చేసేదేం లేదు.

ఓవెన్ సంగతి ఇలా లెక్కేయండి. నా చిన్న ఓటీజీలో ఒకసారికి ఒక పెద్ద టిన్ను పడుతుంది. కాలడానికి, తీసి మళ్లీ వేడెక్కడానికి కలిపి ఒక గంట. శనివారం ఎనిమిది కేకులు ఇవ్వాలంటే ఓవెన్ ఒక్కటే ఎనిమిది గంటలు నడవాలి, ఆ తర్వాత స్పాంజ్ పూర్తిగా చల్లారాలి. శుక్రవారం రాత్రి నేను మేలుకున్నది చాలావరకు ఓవెన్ కోసం. దానికి విరుగుడు స్పాంజ్‌లు గురువారమే కాల్చి, చల్లారాక గాలి తగలకుండా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టడం. క్రీమ్ పెట్టని స్పాంజ్ రెండు రోజులు బాగానే ఉంటుంది. ఈ ఒక్క మార్పుతో శుక్రవారం నిద్ర నాకు తిరిగి దొరికింది.

అప్పటికీ చాలకపోతే రెండో ఓటీజీ కొనడం మేలు. దాని ఖర్చు ఒక్కసారే, జీతం నెలనెలా. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. 2000 వాట్ల ఓవెన్ తొమ్మిది ఆంప్‌ల దాకా లాగుతుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే వైరు కాలుతుంది. దేనికదే 16 ఆంప్‌ల సాకెట్ ఉండాలి, వైరింగ్ తట్టుకుంటుందో లేదో ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాలి.

ఫ్రిజ్ లెక్క ఇంకా సులువు. మీరు వాడే బాక్సు ఖాళీదే తీసుకుని అరల్లో పెట్టి చూడండి. నా ఫ్రిజ్‌లో ఇంటి పాలు, కూరలు పోగా మూడు పట్టేవి. మే నెల ఎండలో క్రీమ్ కేకు బయట ఉంచలేం. కాబట్టి మధ్యాహ్నం మూడు కేకులు వెళ్లాకే తర్వాతి మూడు ఫినిష్ అయ్యేలా డెలివరీ టైములు ఇవ్వాల్సి వచ్చింది.

మూడో అడుగు: డబ్బు ఖర్చు లేని రెండు పనులు ముందు చేయండి

మొదటిది మెసేజ్‌ల సంగతి. 40 నిమిషాల్లో సగం ఒకే ప్రశ్నలకి పోయేది. 12 డిజైన్లతో ఒక మెనూ చేశాను. తేదీ, టైమ్, బరువు, ఎగ్ లేదా ఎగ్‌లెస్, జీడిపప్పు బాదం పడవా, కేకు మీద రాయాల్సిన పేరు... ఇవన్నీ ఒకే మెసేజ్‌లో అడిగే ఫారం తయారుచేసి పెట్టుకున్నాను. 48 గంటల ముందు చెప్పాలి, సగం డబ్బు యూపీఐలో వచ్చాకే ఆర్డర్ ఖాయం. దీంతో 40 నిమిషాలు 25కి దిగాయి. కేకుకి 200 నిమిషాలు, వారానికి 46 గంటల 40 నిమిషాలు. మూడున్నర గంటలు మిగిలాయి.

రెండోది ధర. ఆర్డర్లు కాదంటున్నామంటే ధర తక్కువ ఉందేమో అని మనల్ని మనం అడగాలి. నేను కిలో 1,000 రూపాయలకి ఇచ్చేదాన్ని. సరుకులు, బాక్సు, బోర్డు, కరెంటు, గ్యాస్ అన్నీ కలిపి 500. మిగిలేది 500. ధర 1,100 చేశాను. మొదటి రెండు నెలలు వారానికి రెండు ఆర్డర్లు తగ్గాయి. 14కి బదులు 12. నెలకి సుమారు 52 కేకులు, ఒక్కోదానికి 600 చొప్పున 31,200. అంతకుముందు 60 కేకులకి 500 చొప్పున 30,000. పని తగ్గింది, డబ్బు తగ్గలేదు. తర్వాత ఆ రెండు ఆర్డర్లూ తిరిగొచ్చాయి, నెలకి 36,000 అయింది. ధర పెంచడానికి నేను ఏడాది భయపడ్డాను. ఆ భయంతో ఎన్ని రాత్రుళ్లు మేలుకున్నానో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీరు మాత్రం మనిషిని వెతికే ముందు ఈ పని చేయండి.

నాలుగో అడుగు: ఎక్కువ గంటలు చేయడమే సరైనదా?

కొన్నిసార్లు అదే సరైనది. డిసెంబర్ మూడో వారం నుంచి జనవరి ఒకటి దాకా ప్లమ్ కేకులు, న్యూ ఇయర్ కేకులు కుప్పలుగా వస్తాయి. ఫిబ్రవరి 14 ముందు నాలుగు రోజులూ అంతే. ఆ రద్దీని చూసి మనిషిని పెట్టుకుంటే జనవరి చివర్లో చేతిలో పని ఉండదు, నెల జీతం మాత్రం ఇవ్వాలి. రెండు మూడు వారాల్లో అయిపోయే రద్దీకి ఎక్కువ గంటలు చేయడమో, ఇంట్లోవాళ్ల సాయం తీసుకోవడమో సరిపోతుంది.

నేను పెట్టుకున్న గుర్తు ఇది: పండగలు, సీజన్లు లేని మూడు నెలలు వరసగా వారానికి రెండు మూడు ఆర్డర్లు కాదనాల్సి వస్తే అది సీజన్ కాదు, నిజంగా పెరిగినట్టు. అందుకే కాదన్న ఆర్డర్లని కూడా నోట్‌బుక్‌లో రాయాలి. చాలామంది రాయరు, గుర్తున్నదాన్ని బట్టి చెబుతారు.

ఇంకో కాలమ్ కూడా పెట్టండి. తప్పు జరిగినప్పుడల్లా అది ఏ టైమ్‌లో జరిగిందో రాయండి. క్రీమ్ ఎక్కువ గిలక్కొట్టి విరిగిపోవడం, పేరులో అక్షరం తప్పు పడటం, పంచదార ఒకసారి వేసి మళ్లీ వేయడం. నా నోట్‌బుక్‌లో రెండు నెలల్లో తొమ్మిది తప్పులు ఉంటే, ఏడు రాత్రి పదిన్నర తర్వాతవే. మళ్లీ చేసిన కేకు అంటే 500 రూపాయల సరుకు, రెండు గంటల పైన పని పోయినట్టు. మీ తప్పులూ అలా రాత్రిపూటే గుంపుగా కనిపిస్తే, ఇంకో రెండు గంటలు కలపడం వల్ల ఆదాయం పెరగదు.

ఐదో అడుగు: ఏ పని అప్పగించగలమో చూసి లెక్క కట్టండి

200 నిమిషాల్లో మొదటి రోజుల్లోనే వేరేవాళ్లకి ఇవ్వగలిగినవి ఏవి? సరుకు తూచి డబ్బాల్లో పెట్టడం 15, టిన్నులకి పేపర్ వేయడం 10, బాక్సులు మడిచి ప్యాక్ చేయడం 10, శుభ్రం 30. మొత్తం 65 నిమిషాలు. నా చేతి మీద 135 మిగులుతాయి.

మనిషిని రోజుకి నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు, నెలకి 9,000 రూపాయలకి అనుకున్నాను. మీ వీధిలో రేటు వేరుగా ఉంటే ఆ అంకె మార్చుకుని లెక్క వేసుకోండి.

వారానికి 14 నుంచి 20 కేకులకి వెళ్లాలనుకుంటే రెండు దారులు. ఒక్కదాన్నే చేస్తే వారానికి 66 గంటల 40 నిమిషాలు. నెలకి 86 కేకులు, 51,600 రూపాయలు. మనిషిని పెట్టుకుంటే నాకు 45 గంటలు, జీతం పోగా 42,600. అంటే 9,000 ఇచ్చి నేను నెలలో సుమారు 93 గంటలు వెనక్కి తీసుకుంటున్నాను. గంటకి వంద రూపాయల లోపే. నా గంట ఎంత చేస్తోంది? 600 రూపాయలకి 200 నిమిషాలు, అంటే 180. ఇలా చూస్తే తేలిపోయింది.

ఇందులో ఒక కిటుకు ఉంది. 14 కేకుల దగ్గరే ఆగిపోతే జీతం అంతా నా జేబులోంచే పోతుంది. 9,000ని 600తో భాగిస్తే 15. నెలకి 15 కేకులు, అంటే వారానికి నాలుగు అదనంగా వస్తేనే జీతం గిట్టుతుంది. కాదన్న ఆర్డర్లు వారానికి నాలుగు లేకపోతే ఇంకా సమయం రాలేదు. అప్పుడు గిన్నెలకి మాత్రం మీ ఇంటి పనమ్మాయికి అదనంగా కొంత ఇచ్చి మాట్లాడుకోవడం మేలు. నేను ఆరు నెలలు అలాగే నడిపాను.

మూడు నెలల జీతం, అంటే 27,000, పక్కన పెట్టాకే నేను మనిషిని పిలిచాను. ఒక నెల ఆర్డర్లు పడిపోయాయని ఆమె జీతం ఆపడం తప్పు.

ఆరో అడుగు: ఎవరిని, ఏ షరతులతో

బేకింగ్ వచ్చినవాళ్లే కావాలని మొదట్లో వెతికాను. వచ్చినవాళ్లు పూర్తి రోజు పని, ఎక్కువ జీతం అడిగారు, అది న్యాయమే. నాకు అప్పటికి కావాల్సింది శుభ్రంగా, లెక్కగా పని చేసే మనిషి. మా వీధి చివర ఉండే ఒకావిడ, పిల్లలు స్కూలుకి వెళ్లాక ఖాళీగా ఉండేది. పది నుంచి రెండు దాకా ఆమెకి కుదిరింది. దూరం నుంచి వచ్చేవాళ్లకి ఛార్జీల బెడద తక్కువే, 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ వాన పడ్డ రోజు బస్సు ఎప్పుడొస్తుందో చెప్పలేం. నాలుగు గంటల పనికి గంటన్నర ప్రయాణం చేసే మనిషి ఎక్కువ రోజులు ఉండటం కష్టం.

మాటలన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసుకున్నాం, ఆమె దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి. పని గంటలు. జీతం ఒకటో తేదీన. సెలవు సోమవారం, ఎందుకంటే శని, ఆదివారాలు డెలివరీలు. బోనాలకి, బతుకమ్మకి సెలవులు ముందే రాసుకున్నాం, ఆ రోజుల్లో నేను ఆర్డర్లు తక్కువ తీసుకుంటాను. డిసెంబర్‌లో అదనంగా ఉండే గంటకి రెట్టింపు. అడ్వాన్స్ ఎంతవరకు ఇవ్వగలనో, నెలకి ఎంత కోసుకుంటానో కూడా అందులోనే ఉంది. ఈ ఒక్క విషయం మొదట్లో మాట్లాడుకోకపోతే మొహమాటాలు వచ్చి మంచి మనిషి దూరమవుతుంది.

ఆరోగ్యం విషయంలో రాజీ వద్దు. ఆహారం అమ్మేవాళ్లు ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం ఆహారం ముట్టుకునే పనివాళ్లకి ఏటా వైద్య పరీక్ష చేయించాలి, టైఫాయిడ్ లాంటి జబ్బులకి టీకా వేయించాలి. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను, డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ ఫైల్‌లో ఉంది. వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్న రోజు రావొద్దని, ఆ రోజు జీతం కోయనని చెప్పాను. జీతం కోస్తామంటే ఎవరైనా చెప్పకుండా వచ్చేస్తారు, అది కేకు తినే పిల్లలకి ప్రమాదం.

పీఎఫ్, ఈఎస్ఐ గురించి చాలామంది టెన్షన్ పడతారు. పీఎఫ్ 20 మంది, ఈఎస్ఐ 10 మంది పనివాళ్లు ఉన్న చోట్ల మొదలవుతాయి. ఒక్క మనిషితో ఆ లెక్కలు రావు. జీతం ఇచ్చినప్పుడల్లా సంతకం తీసుకుని ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే చాలు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే గేటు దగ్గర ఆమె పేరు ముందే నమోదు చేయించండి, రోజూ వాచ్‌మన్ ఆపి అడగడం ఆమెకి చిన్నతనంగా ఉంటుంది.

ఏడో అడుగు: మొదటి నాలుగు వారాలు

ఆమె రాగానే ఆర్డర్లు పెంచొద్దు. నేను మూడు వారాలు 14 దగ్గరే ఉన్నాను. మొదటి వారం నా పని తగ్గలేదు, పెరిగింది. కేకుకి 200 నిమిషాలు పోయి 220 అయ్యాయి, ప్రతిదీ పక్కన నిలబడి చూపించాలి కదా. ఈ వారంలోనే చాలామంది "నేనే చేసుకుంటే త్వరగా అయిపోతుంది" అని మానేస్తారు. నేనూ గురువారం సాయంత్రం అలాగే అనుకున్నాను.

మొదటి వారం శుభ్రం, టిన్నులు మాత్రమే ఇచ్చాను. రెండో వారం తూకం. ఇక్కడ నా తప్పు బయటపడింది. నా రెసిపీలు "ఒక కప్పు, కొంచెం తక్కువ" అని ఉండేవి. ఆమె కప్పు నిండా తలకొట్టి పోస్తే స్పాంజ్ గట్టిగా వచ్చింది. అది ఆమె తప్పు కాదు. ఒక ఆదివారం కూర్చుని అన్నీ గ్రాముల్లోకి మార్చి, తెలుగులో పెద్ద అక్షరాలతో కార్డులు రాసి గోడకి అంటించాను. డిజిటల్ కాటా ఇచ్చాను. బేకింగ్ పౌడర్ లాంటి చిన్న తూకాలు మాత్రం నేనే ఉంచుకున్నాను, రెండు గ్రాములు ఎక్కువైతే కేకు పొంగి మధ్యలో కుంగుతుంది. మూడో వారం ప్యాకింగ్. నాలుగో వారంలో కేకులు 16కి పెంచాను.

ఎగ్‌లెస్ కోసం టిన్నులు, గిన్నెలు, గరిటెలు వేరుగా కొని, వాటికి ఆకుపచ్చ టేపు వేశాను. స్పాంజ్ చుట్టగానే దాని మీద ఆకుపచ్చ లేదా ఎర్ర స్టిక్కర్, ఆర్డర్ నంబర్ అంటిస్తాం. ఫ్రిజ్‌లో పై అర ఎగ్‌లెస్‌కే. ఆమె స్టిక్కర్ చదివి చెబుతుంది, నేను ఫారం చూసి సరిపోల్చుకుంటాను. ఇద్దరూ చూడకుండా కేకు బాక్సులోకి వెళ్లదు. కార్తీకంలో జరిగిన తప్పు మళ్లీ జరగకపోవడానికి కారణం ఈ అలవాటే. జీడిపప్పు, బాదం పడనివాళ్ల ఆర్డర్ అయితే ఆ రోజు మొదటి కేకుగా, కడిగిన గిన్నెల్లో, నేనే చేస్తాను. పేరు రాయడం, కస్టమర్‌తో మాట్లాడటం ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

ఎనిమిదో అడుగు: మళ్లీ నోట్‌బుక్ తీయండి

నెల పూర్తయ్యాక ఇంకో వారం నిమిషాలు రాయండి. నాకు కేకుకి 145 వచ్చాయి, అనుకున్న 135 కంటే ఎక్కువే. తేడా ఎక్కడో చూస్తే, ఆమె కడిగిన గిన్నెలు నేను మళ్లీ తుడుస్తున్నాను, ప్యాక్ చేసిన బాక్సులు మళ్లీ విప్పి చూస్తున్నాను. ఆ అలవాటు మానడానికి ఇంకో నెల పట్టింది.

వారానికి మీ గంటలు కనీసం ఎనిమిది తగ్గకపోతే కారణం ఈ మూడింటిలో ఒకటి అయి ఉంటుంది. అప్పగించిన పని తిరిగి మీరే చేస్తున్నారు. లేదా ఆమె వచ్చే టైమ్‌కి అప్పగించే పని లేదు, పని అంతా సాయంత్రం ఉంది. అలాగైతే వేళలు మార్చమని అడగండి, కుదరకపోతే స్పాంజ్‌లు పొద్దుటికి జరపండి. మూడోది రెండో అడుగులో చూసిన ఓవెనో ఫ్రిజ్జో ఇంకా అడ్డంగానే ఉండటం. మనిషిని మార్చాలన్న ఆలోచన ఈ మూడూ చూశాకే రావాలి. అప్పుడు కూడా నెల ముందు చెప్పి, ఇవ్వాల్సింది పూర్తిగా ఇచ్చి పంపాలి.

మూడో నెలలో ఆమె తనంతట తానే "అక్కా, ఆ మొదటి పూత నేను వేయనా?" అని అడిగింది. క్రమ్ కోట్ గురించి. ముందు ఒక వారం థర్మోకోల్ డమ్మీ మీద వేయించాను. క్రీమ్ మందం ఒకేలా ఉందా, అంచు నిటారుగా ఉందా అని స్కేలు పెట్టి చూశాం. తర్వాత లేయర్లు కోయడం, క్రమ్ కోట్ ఆమెకి ఇచ్చాను. అవి 35 నిమిషాలు. నా చేతి మీద ఇప్పుడు కేకుకి 100 నిమిషాలు. ఆ పని వచ్చిన నెల నుంచి ఆమె జీతం 9,000 నుంచి 11,500 చేశాను, గంటలు నాలుగు నుంచి ఐదుకి పెంచాం, పిల్లలు మూడున్నరకి ఇంటికొస్తారు కాబట్టి ఆమె మూడుకి బయల్దేరుతుంది.